అప్పు తీరింది, కోత తీరలేదు

లోన్ మొత్తం 2వ తారీఖున కట్టి పడేశాను. ఫోర్‌క్లోజర్ రసీదు చేతిలో ఉంది. 5వ తారీఖు పొద్దున అమీర్‌పేట మెట్రోలో ఉండగా ఫోన్ టింగుమంది: 11,460 రూపాయలు కట్! ఏ అప్పుకండీ ఇది?

లోన్ ఇచ్చినవాళ్ల బ్రాంచికెళ్తే "ఫైల్ ముందే వెళ్లిపోయింది సార్" అన్నాడు, నింపాదిగా. అంటే గడువుకు ఒకట్రెండు రోజుల ముందే వాయిదా అడుగుతూ మా బ్యాంకుకి పంపేశారన్నమాట. మరి నా దగ్గర డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదా?

సరే, నెలనెలా నా ఖాతాలోంచి వాయిదా కోసుకోమని నేనిచ్చిన అనుమతి, అదే మాండేట్, ఆపండయ్యా అంటే "మీ బ్యాంకులో అడగండి". బ్యాంకుకెళ్తే "లోన్ ఇచ్చినవాళ్లనే అడగండి". నేనేమన్నా బంతినా? లోన్ ఖాతా మూసినంత మాత్రాన మాండేట్ దానంతటదే పోదట. దాన్ని విడిగా రద్దు చేయించుకోవాలట! చివరికి నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల జాబితా తెరిచి, దాని UMRN నంబరు రాసుకుని, మా బ్యాంకులోనే రద్దు అర్జీ ఇచ్చాను. వాళ్లు తీసుకోవాల్సిందే, తీసుకున్నారు కూడా, మొహం మాడ్చుకుని. ఇప్పుడక్కడ 'Cancelled' అని కనబడుతోంది. అది చూసేదాకా నిద్ర పట్టలేదు.

పోనీ ముందే రద్దు చేద్దామా? లోన్ మూతపడకముందే ఆపితే వాయిదా బౌన్స్, దానికి చార్జీ. ఈసారైతే వాయిదా పడ్డ మర్నాడే వెళ్లి లోన్ మూసేస్తా. తర్వాతి తారీఖుకి నెలరోజులుంటాయి కదా.

ఆ 11,460 ఇంకా రాలేదు. "ప్రాసెస్‌లో ఉంది సార్."