గేటు ఆగింది, సర్వర్ నడిచింది

ప్రతి సోమవారం పొద్దున యజమాని వాట్సాప్‌కు సర్వర్ చూసుకునే సపోర్టు కంపెనీ నుంచి ఒక పీడీఎఫ్ దిగుతుంది. పేరు వీక్లీ స్టేటస్ రిపోర్ట్, నిడివి పదకొండు పేజీలు. మొదటి పేజీ లోగోకు, రెండోది విషయసూచికకు. మూడో పేజీలో ఒక పచ్చటి వృత్తం, దాని నడుమ లావుపాటి అక్షరాల్లో అప్‌టైమ్, అంటే సర్వర్ ఆగకుండా నడిచిన సమయం, 99.98 శాతం. మూడో పేజీ దాటి ఏ యజమానీ పోడని రాసేవాళ్లకు తెలుసు. నిజాలన్నీ పదకొండో పేజీలో కాపురముండేది అందుకే.

నా చేతికి చిక్కిన కాపీ వరంగల్‌లో ఎనుమాముల దిక్కున మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక సేటుది. తేజ కాయను పిడికిట్లో నలిపి తేమ ఎంతుందో చెప్పగల మనిషి. గేటు దగ్గర బస్తాలు నమోదు చేసే సర్వర్ సంగతి మాత్రం నెలనెలా డబ్బు తీసుకునే సపోర్టు కంపెనీకి అప్పజెప్పి నిశ్చింతగా ఉన్నాడు. ఆ సోమవారం గల్లాపెట్టె ముందు కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, అంకె పైకి చదివాడు.

"తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది ఎనిమిది! మా పోరనికి ఇంటర్ల గూడ ఇన్ని రాలే."

"మరి గురువారం పొద్దుగాల గేటుకాడ బండ్లు ఆగినయి కద సేటూ?" అన్నాడు గుమాస్తా.

సేటు మళ్లీ వృత్తం చూశాడు. వృత్తం పచ్చగానే ఉంది. "కాయితం మీద లేదు కదరా. ఆగినట్టు నీకు అనిపించిందేమో."

గుమాస్తా నోరు మూసుకున్నాడు. వరుసలో నిలబడ్డ డ్రైవర్లకు, హమాలీలకు, బస్తాల మీదే కునుకు తీసిన రైతులకు కూడా అట్లాగే అనిపించి ఉంటుంది. అందరికీ ఒకేసారి, ఒకే గేటు దగ్గర, గంటన్నరసేపు భ్రమ కలగడం వైద్యులు తేల్చాల్సిన విషయం. సేటు మాత్రం ఆ పేజీని ప్రింటు తీయించి కాంటా పక్కన గోడకు అతికించమన్నాడు. హమాలీ మేస్త్రి దాన్ని కాసేపు పరీక్షగా చూసి, "ఇది కరెంటు బిల్లా సేటూ?" అని అడిగాడు. దస్తావేజుపై ఆ వారం వచ్చిన అభిప్రాయాల్లో సత్యానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. బిల్లే అది.

ఇక ఆ అంకె పుట్టుక చూద్దాం. గురువారం పొద్దున 6:40కి సర్వర్‌లో డిస్కు నిండిపోయింది. గేటు దగ్గర కొత్త లాటు నమోదు చేయబోతే సేవ్ కాదు. లోపలికెళ్లి చూస్తే కనిపించేది ఇంతే:

```
Filesystem  Size  Used Avail Use% Mounted on
/dev/vda1    79G   79G     0 100% /
```

రాయడానికి చోటు లేదు గాని, ఉన్నది చూపించడానికి అడ్డమేమీ లేదు. లాగిన్ పేజీ చక్కగా తెరుచుకుంటుంది. అప్‌టైమ్ లెక్కగట్టే యంత్రం నిమిషానికోసారి వచ్చి ఆ పేజీనే పలకరిస్తుంది, అది పలికితే సర్వర్ బతికున్నట్టు రాసుకుని పోతుంది. బస్తాలు లోపలికి పోతున్నాయా లేదా అన్నది దాని ఉద్యోగం కాదు.

ఏడు దాటాక సపోర్టు కుర్రాడు నిద్రలేచి, కొండంత పెరిగిన లాగ్ ఫైలును, అంటే అప్లికేషన్ తన పనులన్నీ రాసుకునే చిట్టాను, డిలీట్ చేశాడు. డిస్కు ఇంకా నూరు శాతమే చూపించింది. ఆ ఫైలును అప్లికేషన్ ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. పట్టుకున్న ఫైలును తుడిచేస్తే పేరు పోతుంది గాని చోటు తిరిగి రాదు, అప్లికేషన్ ఆ పట్టు వదిలితేనే వస్తుంది, అందుకు దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ సంగతి గుర్తొచ్చేసరికి ఎనిమిది దాటింది. రీస్టార్ట్‌కు రెండు నిమిషాలు పట్టింది. 8:10కి గేటు కదిలింది.

వారానికి 10,080 నిమిషాలు. పని నిజంగా ఆగిన 90 నిమిషాల్లో లాగిన్ పేజీ మూగబోయింది ఆ చివరి రెండు నిమిషాలే కాబట్టి, రిపోర్టు లెక్కలో పోయినవి ఆ రెండే. అదీ 99.98. రోగమున్నంతసేపూ ఆరోగ్యం, మందు వేసిన రెండు నిమిషాలే జబ్బు! నిజాయితీగా 90 తీసేసినా 99.11 వస్తుంది, అదీ ముచ్చటైన మార్కే. అర్ధరాత్రి కుక్కలు తప్ప ఎవరూ లేని గేటు ముందు సర్వర్ మేలుకుని ఉన్న గంటలన్నీ అందులో కలుస్తాయి మరి. సేటుకు కావలసిన లెక్క వేరే ఉంది. ఆ గేటుకు బండ్లు వచ్చేది పొద్దున ఆరు నుంచి పది దాకా, అంటే 240 నిమిషాలు. అందులో 90 పోయాయి.

సంఘటనల పేజీలో దీనికి దక్కిన చోటు ఒక్క వాక్యం: "స్వల్ప స్టోరేజ్ సమస్య, పరిష్కరించబడింది. డేటా నష్టం లేదు." నష్టం ఎట్లా ఉంటుంది? సేవ్ అయితే కదా పోవడానికి!

నవ్వు ఇక్కడి దాకానే. ఆ గంటన్నరలో వాచ్‌మన్ నోటుబుక్కులో చేత్తో లాటు నంబర్లు రాశాడు. ఇద్దరు రైతులకు ఒకే నంబరు పడింది. ఒకరిది తేజ, ఇంకొకరిది తాలుకాయ. రేపు ధర పెరిగినప్పుడు సరుకు తీసుకుపోదామని వచ్చినవాడికి ఎవరి బస్తాలు చూపిస్తారు? ములుగు దిక్కు నుంచి రాత్రంతా లారీ మీద వచ్చినవాడి ఏడాది కష్టం అది. దాన్ని "స్వల్ప" అని రాసిన చేతికి సిగ్గుండాలి! ఇదేమీ పిడుగుపాటు కూడా కాదు. పదకొండో పేజీ అడుగున, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, మూడు వారాల డిస్కు వినియోగం ఉంది: 82, 88, 94. వారానికి ఆరు పెరుగుతున్నది నూటికి ఎప్పుడు చేరుతుందో అడ్తి దుకాణంలో చాయ్ అందించే పోరడు చెబుతాడు. ఆ మూడు వారాలూ "రాబోయే ముప్పులు" అన్న చోట రాసింది: ఏమీ లేవు. సీజన్ మొదట్లో ఏదో పరీక్ష కోసం వివరమైన లాగింగ్ ఆన్ చేసి మరిచిపోయారు, పాత లాగ్‌లను తీసేసే logrotate పెట్టలేదు. అరగంట పని, రూపాయి ఖర్చు లేదు. తెలియక కాదు, చెబితే సేటు ఫోన్ చేస్తాడని చెప్పలేదు!

ఆ మూడో వారం సేటుకు రావలసింది ఈ నాలుగు వాక్యాలు: "డిస్కు 94 శాతం నిండింది. ఇట్లాగే పోతే వారం తిరిగేలోపే నిండి గేటు నమోదు ఆగిపోతుంది. బుధవారం రాత్రి పది గంటలకు అరగంట ఆపి సరిచేస్తాం. మీరు సరేనంటే చాలు." దీనికి వృత్తం అక్కర్లేదు. పదకొండు పేజీలు లేనిదానికి బిల్లెట్లా వేయాలన్నది మాత్రం నిజమైన ఇబ్బందే.

గుమాస్తా ఇప్పుడు రిపోర్టును వెనుక నుంచి చదవడం నేర్చుకున్నాడు. మొన్నటి సంచికలో పదకొండో పేజీలో ఒక వరుస దొరికింది: SSL సర్టిఫికెట్, ఇంకా 9 రోజులు. గడువు దాటితే గేటు దగ్గరి బ్రౌజర్ ఎర్రటి హెచ్చరిక చూపించి దారికి అడ్డం నిలబడుతుంది. ముప్పుల చోట మాత్రం యథావిధిగా "ఏమీ లేవు". సేటు ఫోన్ అందుకున్నాడు.

"తమ్మీ, తొమ్మిది రోజులల్ల బందయితదని మీరే రాసిన్రు. మల్ల ముప్పేం లేదంటున్రు. గిదేంది?"

"సార్, అది ముప్పు కాదు సార్. తేదీ ముందే తెలుసు కదా, అందుకే దాన్ని షెడ్యూల్డ్ ఈవెంట్ కింద వేశాం."