ఈ రోజు సాయంత్రంలోగా

మొన్న ఆదివారం రాజమండ్రిలో మా పెద్దమామయ్యగారి మనవరాలి నిశ్చితార్థం. పట్టుమని అరగంటలో నా బ్యాంకు ఖాతాలో పదకొండు 116లు, మూడు 516లు, ఒక 1,116 పడ్డాయి. మొత్తం ₹3,940. పెళ్ళికూతురికి అక్షింతలు తప్ప ఏమీ పడలేదు. నేను మాత్రం వద్దండీ వద్దండీ అంటూనే ఉన్నాను.

అసలు సంగతి మూడేళ్ళ కిందటిది, తొందరగా చెప్పేస్తాను. 2022 నవంబరులో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సింహాచలం కొడుకు నాని బండి మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, రాడ్ వేయాలన్నారు, ముందు 1,60,000 కట్టమన్నారు. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి రాత్రికి రాత్రి ఫోన్‌లోనే ఒక పోస్టర్ చేశాను. పైన ఎర్రగా "అత్యవసరం". మధ్యలో కట్లు కట్టిన నాని ఫొటో. దాని కింద "పదహారేళ్ళ బాలుడు, ఈ రోజు సాయంత్రంలోగా డబ్బు కట్టాలి". ఆ కింద నా క్యూఆర్ కోడ్, నా ఫోన్ నంబరు. తేదీ వేయలేదు. ఈ రోజు అని రాశాక మళ్ళీ తేదీ ఎందుకనుకున్నాను.

విరాళాల వెబ్‌సైట్ ఏదైనా చూడమని మూడో అంతస్తు ఆయన అన్నాడు. వాళ్ళు ఆస్పత్రి ఎస్టిమేట్ అడుగుతారు, కాగితాలు చూస్తారు, అంత ఆగేదెవరని కొట్టిపారేశాను. అక్కడ పెట్టి ఉంటే, డబ్బు నిండాక పేజీ మూసేస్తే సరిపోయేది. ఆ లింకు ఎవరి దగ్గర ఎన్నేళ్ళున్నా, నొక్కితే "ముగిసింది" అని కనిపించేది. నాది బొమ్మ. బొమ్మ చేయి దాటాక మన మాట వినదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి గ్రూపుల్లో పెట్టాను. ఆదివారం రాత్రి పదింటికి 1,63,400 అయింది. అప్పుడు తీసేద్దామని చూస్తే, వాట్సాప్‌లో అందరికీ కనబడకుండా తీసేసే వీలు రెండు రోజుల పన్నెండు గంటలే. రెండు గంటల ముందే ఆ గడువు దాటింది. దాటకపోయినా ఒరిగేదేమీ లేదు. నేను తీసేస్తే నేను పెట్టిన చోట పోతుందంతే. అప్పటికే ఎవరెవరో ముందుకు తోసిన కాపీలు వాళ్ళవి, నావి కావు. సరే, "నిధి సమకూరింది, ధన్యవాదాలు, ఇక పంపవద్దు" అని రాసి పెట్టాను. దండాలు చాలానే వచ్చాయి. ఆ ముక్కను ఒక్కరంటే ఒక్కరు ఇంకో గ్రూపులో పెట్టలేదు. ఆపరేషన్ జరిగింది, నాని లేచి నడిచాడు. మూడేళ్ళలో మీసం కూడా వచ్చింది. పోస్టర్లో మాత్రం పదహారు దాటలేదు, సాయంత్రమూ కాలేదు.

ఇక నిశ్చితార్థానికి వద్దాం.

తాంబూలాలు పుచ్చుకోవడం అయింది. భోజనాలకు పిలవడానికి మామయ్య మైకు తీసుకున్నారు. మామయ్య ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. నలభై మూడు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారు. చాలాసార్లు చేతులు మారిన మెసేజీకి వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది, దాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తుంది. 2020లో ఈ నిబంధన పెట్టినవాళ్ళు జనం విసుగెత్తి మానేస్తారనుకుని ఉంటారు. వాళ్ళకు మామయ్య తెలియదు. రిటైరైన మనిషికి నలభై మూడు సార్లు ఒక్కొక్కటిగా పంపడం శిక్ష కాదు, మధ్యాహ్నం గడవడానికి మార్గం.

మైకు పట్టుకున్న మనిషి భోజనాలకు రమ్మని ఊరుకోవచ్చు కదా. ఫోన్ మోగింది, చూసుకున్నారు, మొహం మారిపోయింది. "బంధుమిత్రులందరికీ ఒక మనవి" అన్నారు. అంతకుముందు లగ్నపత్రిక చదివిన గొంతుతోనే, అదే రాగంతో, నా పోస్టర్ చదవడం మొదలుపెట్టారు. "అత్యవసరం. పదహారేళ్ళ బాలుడు." నేను వెనక వరుసలో మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నాను. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను, అదీ నా తెలివి. "ఈ రోజు సాయంత్రంలోగా" అని చదివి, వాచీ చూసుకుని, "ఇప్పుడు పన్నెండున్నర, అంటే అయిదారు గంటలే ఉంది" అని తన వంతు లెక్క కూడా కలిపారు. తర్వాత ఫోన్ నంబరు అంకె అంకెగా చదివారు. ఎనిమిదో అంకెకు మా ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది.

"ముందు ఫోన్ చేసి కనుక్కుందాం, ఈ రోజుల్లో మోసాలు ఎక్కువ" అని మామయ్య మైకులోనే చెప్పి ఆ నంబరుకు కొట్టారు. నా జేబు మోగింది.

హాలంతా నా జేబు వైపు చూసింది. మామయ్య తన ఫోన్‌లో పేరు చూసుకుని "ఒరేయ్, నువ్వా! ఇంత మంచి పని చేస్తూ చెప్పవేంరా!" అన్నారు, అదీ మైకులోనే. నేను మజ్జిగ గ్లాసుతో సహా పరిగెత్తి "మామయ్యా, అయిపోయిందది. ఎప్పుడో అయిపోయింది" అన్నాను.

తెలుగులో అనకూడని మాట అదేనని నాకప్పుడు తట్టలేదు. అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుని "అయ్యో, ఎప్పుడు పోయాడు?" అంది. ముందు వరుస మొత్తం లేచి నిలబడింది. మగపెళ్ళివారు కూడా, ఎవరు పోయారో తెలియకపోయినా, మర్యాద కోసం లేచారు. పంతులుగారు శుభమా అని తాంబూలాలు పుచ్చుకుంటే ఈ మాటలేమిటన్నట్టు చెవులు మూసుకున్నారు. "అబ్బాయి పోలేదండీ, డబ్బు అయిపోయింది" అన్నాను. "డబ్బు అయిపోయిందిట పాపం" అని వెనక్కి అందించారు. అంతే. మామయ్య తన ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు, జనం వచ్చి వచ్చి స్కాన్ చేశారు. తాంబూలం పళ్ళెంలో ఆకులూ వక్కలూ పక్కకు జరిపి దాన్ని కూడా తిప్పారు. నా జేబులో టింగు, టింగు. నేను వద్దన్నకొద్దీ ఎంత నిగర్వి అని ఇంకో టింగు.

సరిగ్గా అప్పుడు సాంబారు బకెట్టుతో నాని వచ్చాడు. కేటరింగ్ వాళ్ళతో వడ్డనకు వచ్చాడని నాకు తెలియదు. పళ్ళెం ముందుకు రాగానే బకెట్టు కింద పెట్టి, భుజం మీద తువ్వాలుకు చెయ్యి తుడుచుకుని, జేబులోంచి యాభై తీసి వేశాడు. "పాపం, ఎవరండీ?" అన్నాడు.

"నువ్వేరా."

మామయ్య చేతిలో ఫోన్ తీసుకుని కట్లు కట్టిన మొహాన్ని కాసేపు చూశాడు. "నేనేనండోయ్! ఇంకా తిరుగుతోందాండీ ఇది?" అన్నాడు. పళ్ళెంలో తన యాభై తను తీసుకుని, బకెట్టు ఎత్తుకుని, కుంటకుండా, పైగా నాకు బాగా కనబడేలా, వంటల వైపు వెళ్ళిపోయాడు.

అక్కడితో సానుభూతి అనుమానమైంది. భోజనంలో నా పక్కన కూర్చున్న మరదలి మొగుడు గారె తుంచుతూ "ఎవరైనా 1930కి ఫోన్ చేసి మోసమన్నారనుకో అన్నయ్యా, నీ ఖాతాలో డబ్బు కదలకుండా ఆపేస్తారు" అన్నాడు. ఆ తర్వాత ఏం వడ్డించారో నాకు గుర్తులేదు.

సోమవారం పదిహేనుమందికీ వెనక్కి పంపాను. పధ్నాలుగుమంది పుచ్చుకున్నారు. ఒక పిన్ని, ఇచ్చిన నూటపదహార్లు వెనక్కి తీసుకోకూడదని తిరిగి పంపింది. ఇప్పటికి నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగాయి.

ఆ క్యూఆర్‌ను ఆపించేద్దామని బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి వచ్చింది.

"మీ ప్రమేయం లేకుండా డబ్బు పోయిందా సర్?"

"లేదమ్మా, వస్తోంది."

"వస్తోందా సర్?"

"ఆగట్లేదు."

"మరి మీ కంప్లయింట్ ఏమిటి సర్?"

డబ్బు రావడం ఫిర్యాదు కింద రాసుకోవడానికి వాళ్ళ దగ్గర గడి లేదట. సేవ ఎలా ఉందో అయిదుకు మార్కులు వేయమని మెసేజీ మాత్రం వెంటనే వచ్చింది.

చివరికి మా అబ్బాయి చూశాడు. ఆ గళ్ళ బొమ్మను చదివిస్తే లోపల ఉన్నది `upi://pay?pa=` అని మొదలయ్యే ఒక్క వరస. తర్వాత నా యూపీఐ ఐడీ, నా పేరు. తేదీ లేదు, గడువు లేదు, ఇంత చాలు అనే మాటా లేదు. ఆ ఐడీ బతికున్నన్నాళ్ళూ ఎవరు స్కాన్ చేసినా డబ్బు పడుతుంది. యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్ళి ఆ ఐడీని తీసేశాడు. స్కాన్ చేసి చూస్తే తప్పు ఐడీ అంది, ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క పనికి కొత్త ఐడీ చేసుకుని, పనయ్యాక తీసేసి ఉంటే మూడేళ్ళ కిందటే పీడ వదిలేది. నేను వాడింది రోజూ వాడుకునేదే. వాచ్‌మన్ గది తలుపు మీద మెయింటెనెన్స్ కోసం అంటించిన క్యూఆర్ కూడా అదే. అది పనిచేయట్లేదన్న కబురు మా అపార్ట్‌మెంట్‌లో గంటలో పాకింది. ఇంత తొందరగా ఏ నోటీసూ పాకలేదు.

అయితే పోస్టర్ మీద నంబరు కూడా ఉంది కదా. ఆ నంబరు ఖాతాకు ముడిపడి ఉంది కాబట్టి, క్యూఆర్ చచ్చినా నంబరు కొట్టి పంపవచ్చు. గ్యాసుకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబరు మార్చుకోలేను. ఇక మిగిలిన దారి, పోస్టర్ మీదే ముద్ర వేసి, పోస్టర్ తిరిగిన దారినే తిప్పడం. కుడివైపు పైమూలన ఏటవాలుగా, ఎర్రగా, "నిధి సమకూరింది, 2022 నవంబరు, డబ్బు పంపవద్దు" అని కొట్టాను. మధ్యలో కొడితే నాని మొహం కప్పేస్తుందని మూలకు జరిపాను, అందం చూసుకున్నాను. ముందుగా మామయ్యకే పంపి, నలభై మూడు గ్రూపుల్లోనూ పెట్టమని బతిమాలాను.

ఇవాళ పొద్దున జవాబు వచ్చింది.

"అన్నిట్లో పెట్టానురా. పైన మూల ఎర్రగా ఏదో మరక పడింది, కత్తిరించేశాను. క్యూఆర్ పనిచేయట్లేదని ఎవరో అంటే, నంబరుకే పంపమని కింద రాశాను. సాయంత్రంలోగా వచ్చేస్తాయిలే, కంగారు పడకు."