మారింది వేగమా, నడకా? వేరియేషన్లను వర్ణించే పద్ధతి

1919లో సంగీత కళాశాల మొదలైన విజయనగరంలో వయొలిన్ నేర్చుకునేవారికి సంగతి అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. సాహిత్యమూ తాళమూ అలాగే ఉంటాయి, స్వరసంచారం మాత్రం ఆవృత్తి ఆవృత్తికీ చిక్కబడుతుంది. ఐరోపా సంగీతంలో ఒక వరసను ముందు చెప్పి, దాన్నే రకరకాలుగా మార్చి వినిపించే ‘థీమ్ అండ్ వేరియేషన్స్’ వినడానికి ఈ చెవి చాలావరకు సరిపోతుంది. విన్నదాన్ని రాయబోయినప్పుడు మాత్రం ‘ఇది ఇంకా వేగంగా ఉంది’ అనేయడం సర్వసాధారణమైన పొరపాటు.

పిల్లలందరికీ తెలిసిన ‘ట్వింకిల్ ట్వింకిల్’ వరస ఒక ఫ్రెంచి పాటది. దానిపై పియానో కోసం మొజార్ట్ రాసిన 12 వేరియేషన్లు 1785లో అచ్చయ్యాయి. శంకరాభరణం స్వరాలలో చెబితే, స స | ప ప | ద ద | ప అని తాళంలో ఒక్కో దెబ్బకు, అంటే అక్షరానికి, ఒక స్వరంగా మొదలవుతుంది. రెండక్షరాలకొక బార్ చొప్పున థీమ్ మొత్తం 24 బార్లు. మొదటి 8 బార్లు ఒక భాగం, తక్కిన 16 మరొక భాగం. చివరి 8 బార్లలో తొలి వరసే తిరిగి వస్తుంది.

మొదటి వేరియేషన్‌లో కుడిచేయి అక్షరానికి నాలుగు స్వరాలు పలుకుతుంది. మొదటి బార్ ‘రి స ని స ని స ని స’. అసలు స్వరమైన షడ్జం ఇక్కడ ఒక్కసారి కూడా అక్షరం మీద పడదు, పొరుగు స్వరాల పక్కనే దాగి ఉంటుంది. అయినా వరస గుర్తుపడతాం, ఎందుకంటే ఎడమచేతి ఆధార స్వరాల క్రమమూ బార్ల లెక్కా దాదాపు కదలవు. తాళం వేసి చూస్తే అక్షరాల మధ్య వ్యవధి కూడా మారలేదని తెలుస్తుంది. అంటే మారింది లయ కాదు, అక్షరంలో ఇమిడే స్వరాల లెక్క, అదే నడక. రెండోదానిలో ఈ పరుగు ఎడమచేతికి వెళ్లి, వరస పైన స్పష్టంగా వినిపిస్తుంది. మూడోది తిశ్రనడక, అక్షరానికి మూడే స్వరాలు. ‘వేగం పెరుగుతూ పోతుంది’ అన్న వర్ణన ఇక్కడే వీగిపోతుంది.

ఎనిమిదోదానిలో గాంధారం ఒక మెట్టు దిగి మైనర్ అవుతుంది, కానీ 24 బార్ల చట్రం నిలుస్తుంది. మనకు ఇది రాగమే మారినట్టు వినిపిస్తుంది. సంగతులలో ఇంత దూరం వెళ్లరు కనుక, సంగతితో పోలిక ఇక్కడ ఆపేయడమే న్యాయమని నా అభిప్రాయం.

లయ నిజంగా నెమ్మదించేది పదకొండోదానిలో. ‘వేగం’ అన్న మాటను అంతవరకూ దాచుకుంటేనే దానికి అక్కడ అర్థం ఉంటుంది. పన్నెండోదానికి నేనైతే ఇలా రాస్తాను: ‘లయ మళ్లీ చురుకైంది, బార్‌కు రెండక్షరాలు మూడయ్యాయి, ఎడమచేయి పరుగెడుతోంది, భాగాల క్రమమూ ఆధారాల క్రమమూ నిలిచాయి, ముగింపు కోసం మాత్రం 24 దాటి మరికొన్ని బార్లు చేరాయి.’