పళ్లన్నీ వచ్చేదాకా ఆగితే అంగిలి మన కోసం ఆగదు

"పాలపళ్లే కదా, అన్నీ ఊడి కొత్తవి వచ్చాక క్లిప్పులు వేయిద్దాం." హైదరాబాద్‌లో ఏ ఇంట్లో పిల్లల పళ్ల గురించి మాట వచ్చినా చివరికి తేలేది ఇదే. మా పెద్దవాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు, నమిలేటప్పుడు గడ్డం ఒక పక్కకి పోతోందని మా ఆవిడ గమనించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడా అదే మాట చెప్పి పంపించారు. నమ్మాం. ఇప్పుడు వాడికి 17. పాస్‌పోర్ట్ ఫొటో తీయించుకుంటే స్టూడియో అతను "బాబూ, తల నిటారుగా పెట్టు" అని మూడుసార్లు అన్నాడు. తల నిటారుగానే ఉంది, గడ్డమే కుడి పక్కకి ఉంది. అందుకే ఈ విషయంలో రెండు వైపులా సమానంగా తూచి రాసే ఓపిక నాకు లేదు. క్రాస్‌బైట్ ఉన్న పిల్లలకి "ఆగండి" అనే సలహా తప్పు, అంతే.

స్టీల్ డబ్బా మూత చూడండి, డబ్బా కంటే కాస్త వెడల్పుగా ఉండి అంచుల మీదుగా దిగుతుంది. మన పై దవడ కూడా అలాగే కింది దవడ కంటే వెడల్పుగా ఉండాలి, పై దంతాలు కింది దంతాలకి బయటివైపు నుంచి కూర్చోవాలి. పై దవడ ఇరుగ్గా ఉండి వెనక పళ్లు కింది పళ్లకి లోపలివైపు పడితే దాన్ని క్రాస్‌బైట్ అంటారు. బొటనవేలు చీకే అలవాటు ఏళ్ల తరబడి ఉంటేనో, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చుకుంటుంటేనో ఇది రావచ్చు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ నాలుక అంగిలికి ఆనకుండా కిందే ఉండిపోతుంది. లోపల నుంచి నాలుక దన్ను లేదు, బయట నుంచి బుగ్గల ఒత్తిడి మాత్రం ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే దవడ సన్నగా ఉంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడుంది. పళ్లు ఒక పక్కనే తిరగబడి కనిపించే పిల్లల్లో చాలామందికి పై దవడ నిజానికి రెండు వైపులా ఇరుకే. రెండు వైపులా సమానంగా ఇరుకైతే పళ్లు కొనల మీద కొనలు తగులుతాయి, అలా నమలడం కుదరదు, కాబట్టి పిల్లవాడు తనకి తెలియకుండానే కింది దవడని ఒక పక్కకి జరిపి సర్దుకుంటాడు. రోజంతా, తిన్న ప్రతిసారీ, మింగిన ప్రతిసారీ అదే జరుపుడు. చూసేవాళ్లకి ఒక పక్క పళ్లు వంకరగా కనిపిస్తాయి, లోపల జరుగుతున్నది మాత్రం దవడ మొత్తం పక్కకి పోవడం. ఎదిగే వయసులో ఏళ్ల తరబడి దవడని పక్కకి పెట్టి ఉంచితే అది అలాగే ఎదగొచ్చు, అప్పుడు మొదట్లో కేవలం జరుపుడుగా ఉన్నది ఎముకలో వంకరగా స్థిరపడుతుంది. మా వాడి విషయంలో జరిగింది ఇదే.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. పిల్లవాణ్ని వెలుతురులో కూర్చోబెట్టి నోరు పెద్దగా తెరవమనండి. పై ముందు పళ్ల మధ్య గీత, కింది ముందు పళ్ల మధ్య గీత ఒకే వరసలో ఉన్నాయా చూడండి. తర్వాత వెనక పళ్లు తగిలేదాకా మెల్లగా నోరు మూయమనండి. తెరిచినప్పుడు సరిగ్గా ఉన్న గీత, మూసే చివరి క్షణంలో పక్కకి జారితే అది జరుపుడు, ఇంకా చేతిలో ఉన్న కేసు. తెరిచినా మూసినా గీత పక్కనే ఉంటే ఎముక అప్పటికే వంకర తిరిగి ఉండొచ్చు, లేదా పళ్లే పక్కకి జరిగి ఉండొచ్చు, అది డాక్టరే తేల్చాలి.

మా మేనకోడలికి ఈ పరీక్ష నేనే చేశాను, దానికప్పుడు ఎనిమిదేళ్లు. నోరు తెరిస్తే గీత సూటిగా ఉంది, మూస్తే దాదాపు మూడు మిల్లీమీటర్లు ఎడమకి జారింది. మా చెల్లెలితో పోట్లాడి మరీ ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి పంపించాను. వాళ్లు కొలతలు తీసుకుని, పై దవడ ఆరు మిల్లీమీటర్లు విప్పాలన్నారు. విప్పాక కొంత వెనక్కి వస్తుంది కాబట్టి అవసరానికి మించి కొంచెం ఎక్కువే విప్పుతారు, ఆ అదనం కూడా ఈ ఆరులోనే ఉంది. పెట్టింది పాలటల్ ఎక్స్‌పాండర్. వెనక దంతాలకి స్టీల్ పట్టీలు అతికించి, వాటి మధ్య అంగిలి మీదుగా ఒక చిన్న స్క్రూ ఉంటుంది. స్క్రూలో రంధ్రాలుంటాయి. చిన్న తాళంచెవిని రంధ్రంలో పెట్టి ముందు నుంచి గొంతు వైపు తోస్తే పావు చుట్టు తిరుగుతుంది, అంటే పావు మిల్లీమీటరు. రోజుకి ఒక తిప్పు చొప్పున 24 తిప్పులు, 24 రోజులు. కొందరికి రోజుకి రెండు తిప్పులు చెప్తారు, కొన్ని రకాలకి ఇంకా నెమ్మదిగా తిప్పమంటారు, అది డాక్టర్ నిర్ణయం. తిప్పాక తర్వాతి రంధ్రం ముందు వైపు పూర్తిగా కనిపించాలి. కనిపించకపోతే ఆ తిప్పు సగంలో ఆగినట్టే, తాళంచెవి తీసేటప్పుడు అది వెనక్కి కూడా తిరిగిపోతుంది. తాళంచెవికి దారం కట్టి చేతికి చుట్టుకోమని కూడా చెప్పారు, జారితే పిల్ల మింగేస్తుంది కదా. మా చెల్లెలు క్యాలెండర్‌లో ప్రతి తిప్పుకీ ఒక గీత పెట్టుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోన్. "అన్నయ్యా, ముందు రెండు పళ్ల మధ్య ఇంత సందు వచ్చేసింది, నిన్న లేదు, ఏదో పాడైపోయింది." పాడవలేదు, అది కావలసిన గుర్తే. పై దవడ పుట్టుకతో ఒకే ఎముక కాదు, కుడి సగం, ఎడమ సగం అంగిలి మధ్యలో ఒక అతుకు దగ్గర కలుస్తాయి. స్క్రూ ఆ అతుకుని విప్పుతోంది. అది వెనక కంటే ముందు ఎక్కువ తెరుచుకుంటుంది కాబట్టి ముందు పళ్ల మధ్య సందు పడుతుంది. మధ్యలో ఆ పిల్లకి ముక్కు మొదట్లో, కళ్ల మధ్య ఒత్తుకుంటున్నట్టు ఉందంది, తిప్పిన పది నిమిషాలకి తగ్గిపోయేది. మొదటి వారం మాట ముద్దముద్దగా వచ్చింది, పల్లీపట్టి, జీడిపాకం లాంటివి బంద్ చేశారు, పట్టీలు ఊడిపోతాయని. తిప్పడం అయిపోయాక స్క్రూని కదలకుండా బిగించి ఆరు నెలలు అలాగే ఉంచారు. విప్పిన ఖాళీలో కొత్త ఎముక నిండాలి, ముందే తీసేస్తే దవడ మళ్లీ దగ్గరవుతుంది. ఈలోగా ముందు పళ్ల సందు చాలావరకు దానంతట అదే మూసుకుపోయింది, చిగుళ్లలో ఉండే నారలు పళ్లని లాగుతాయట. ఇప్పుడు నోరు మూస్తే గీత సూటిగా ఉంది.

ఇదే స్క్రూ మా వాడికి 15 ఏళ్లప్పుడు పెట్టి చూశారు. రోజూ తిప్పాం. ముందు పళ్ల మధ్య సందు రాలేదు. రెండు వారాలకి వెనక దంతాలు బుగ్గ వైపు ఒరగడం మొదలైంది, ఎక్స్‌రేలో అతుకు మూసుకునే ఉంది, ఆపేశారు. చిన్నప్పుడు ఆ అతుకు రెండు అరచేతులు పక్కపక్కన ఆనించినట్టు ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ వేళ్లలో వేళ్లు జొనిపినట్టు పెనవేసుకుంటుంది. అప్పుడు స్క్రూ బలం ఎముక మీద పనిచేయక పళ్ల మీద పడుతుంది. పళ్లు బయటికి వాలుతాయి, వాటి బయటివైపు ఉన్న పలచటి ఎముక అరుగుతుంది, చిగురు పైకి జరుగుతుంది, దవడ ఇరుకు మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైకి బాగైనట్టు కనిపించే ఈ మోసమే నాకు భయం. ఇక మిగిలినవి అంగిలి ఎముకలోకే చిన్న స్క్రూలు దింపి విప్పడం, కాదంటే ఆపరేషన్.

అవతలి వాదన కూడా ఉంది, అందులో నిజం లేకపోలేదు. 1860లోనే అమెరికాలో ఏంజెల్ అనే దంతవైద్యుడు 14 ఏళ్ల అమ్మాయికి స్క్రూతో దవడ విప్పాడు, కాబట్టి ఎనిమిదేళ్లకే తొందరెందుకని అడగొచ్చు. నిజమే, అతుకు బిగిసే వయసు అందరికీ ఒకటి కాదు, కొందరికి టీనేజ్‌లోనూ విచ్చుకుంటుంది. కానీ మీ పిల్లవాడికి విచ్చుకుంటుందో లేదో ఆ రోజు ఎవరూ హామీ ఇవ్వలేరు, పైగా ఈలోగా దవడ పక్కకి ఎదుగుతూనే ఉంటుంది. ఇంకో ఆక్షేపణ, క్లినిక్‌లు కనిపించిన ప్రతి పిల్లకీ ఎక్స్‌పాండర్ అంటగడుతున్నాయని. క్రాస్‌బైట్ లేకుండా కేవలం పళ్లు ఇరుకని, గురకకి మందని, తెలివి పెరుగుతుందని ఎవరైనా అమ్మితే ఇంకో డాక్టర్‌ని అడగండి. నేను మాట్లాడేది పై దవడ నిజంగా ఇరుకైన పిల్లల గురించి.

ఇక్కడ నా కోపం తల్లిదండ్రుల మీద కాదు, వాళ్లకెవరు చెప్పారని? ప్రతి ఏడూ బడిలో హెల్త్ చెకప్ పెడతారు. మా పిల్లలందరి కార్డులూ తీసి చూశాను. బరువు, ఎత్తు, కంటిచూపు, పళ్ల దగ్గర "పుచ్చు లేదు". టార్చ్ వేసి నోరు తెరిపించి చూశారు, మూయమని మాత్రం ఎవరూ అనలేదు. క్రాస్‌బైట్ తెరిచిన నోట్లో తేలిగ్గా దొరకదు, మూస్తేనే దొరుకుతుంది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో దంత సమస్యలు ఉన్నాయి, అందులో పుచ్చు ఉంది. దాని పక్కన "నోరు మూస్తే దవడ పక్కకి జారుతోందా" అని ఒక్క గడి పెట్టడానికి యంత్రం అక్కర్లేదు, ఎక్స్‌రే అక్కర్లేదు, అరనిమిషం చాలు. మన దగ్గర పళ్లంటే అందం, అందమంటే పెళ్లి సంబంధాల వేళకి చూసుకునేది అన్న లెక్కే ప్రభుత్వ ఫారాల్లోకీ పాకింది.

ఆ గడి పెట్టాల్సింది రెండు, మూడు తరగతుల్లో. ఆరేళ్లకి మొదటి శాశ్వత దంతాలు వెనక వస్తాయి, ఏడెనిమిదేళ్లకి ముందు పళ్లు వస్తాయి, గీత చూడటానికీ పట్టీ అతికించడానికీ కావలసినవి అప్పటికే నోట్లో ఉంటాయి, అతుకు ఇంకా బిగిసి ఉండదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, హౌస్ సర్జన్లు ఉన్నారు. జంటనగరాల సర్కారు బడుల్లో రెండో తరగతి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నోరు మూయించి చూసే పని వాళ్లకి అప్పగిస్తూ విద్యాశాఖ, వైద్యశాఖ కలిసి ఈ జూన్‌లోనే ఉత్తర్వు ఇవ్వాలి.