రిస్కును సగటు వేసి చూపించడం ఇకనైనా ఆపండి

ఇవాళ పొద్దున్నే ఒక వాట్సాప్ గ్రూపులో ఫండ్లు అమ్మే ఒకాయన పెట్టిన స్లైడు చూశాక ఇప్పటిదాకా ఒళ్లు మండుతూనే ఉంది. ఈక్విటీ రిస్క్ 18 శాతం, బంగారం రిస్క్ 15 శాతం అట. 60:40గా పెడితే మొత్తం రిస్క్ 16.8 శాతం అట. కింద పెద్ద అక్షరాలతో ముక్తాయింపు కూడా ఉంది: "బంగారం కలిపినా తగ్గేది ఒక్క శాతమే, దాని బదులు రెండు మంచి లార్జ్ క్యాప్ ఫండ్లు తీసుకోండి." రిటైరైన డబ్బు చేతిలో పెట్టుకుని కూర్చున్న పెద్దవాళ్లు ఆ గ్రూపులో ఉన్నారు. వాళ్లకు చూపించాల్సిన లెక్కేనా ఇది?

రాబడిని సగటు వేయొచ్చు. రిస్కును వేయకూడదు. ఒక ఆస్తి 12 శాతం, ఇంకొకటి 8 శాతం ఇస్తే 60:40లో వచ్చేది 10.4 శాతమే, అందులో తేడా లేదు. రిస్క్ అంటే ఇక్కడ స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఏడాది రాబడి తన సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ జరుగుతుందో ఆ కొలత. దాని వర్గం వేరియన్స్. రెండు ఆస్తులు కలిసినప్పుడు ఆ ఊగిసలాటలు కొన్నిసార్లు ఒకదానికొకటి తోడవుతాయి, కొన్నిసార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎంతవరకు తోడవుతాయో చెప్పేదే కోరిలేషన్. ఆ స్లైడులో ఆ అంకె ఎక్కడా లేదు.

బడిలో అందరం చదివిన (a+b)² ఇక్కడ చాలు. ముందు ఒక్కో ఆస్తి వాటాను దాని రిస్కుతో గుణించండి. ఈక్విటీకి 0.6 × 18 = 10.8. బంగారానికి 0.4 × 15 = 6. వర్గాలు 116.64, 36. మూడో పదం 2 × 10.8 × 6 = 129.6, దీన్ని కోరిలేషన్‌తో గుణించాలి. మూడూ కూడితే వేరియన్స్, దాని వర్గమూలమే పోర్ట్‌ఫోలియో రిస్క్.

కోరిలేషన్ 1 అయితే 116.64 + 36 + 129.6 = 282.24, వర్గమూలం 16.8. చూశారా, స్లైడులో ఉన్న అంకె ఇదే! అంటే ఆయన సగటు వేయడంతోనే, ఈక్విటీ, బంగారం ఎప్పుడూ అచ్చంగా ఒకే దారిలో కదులుతాయని చెప్పకుండానే ఒప్పేసుకున్నాడు. మన మార్కెట్ చూసినవాళ్లెవరైనా ఆ మాట అంటారా?

కోరిలేషన్ 0.1 అనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, మీ డేటాతో మీరు మార్చుకోవచ్చు. మూడో పదం 129.6 నుంచి 12.96కి పడిపోతుంది. మొత్తం 165.6, రిస్క్ 12.87 శాతం. విడివిడిగా 18, 15 ఉన్న రెండు ఆస్తులు కలిస్తే రెండింటికన్నా తక్కువ! పది లక్షల మీద ఒక స్టాండర్డ్ డీవియేషన్ అంటే 1,68,000 కాదు, 1,28,700 రూపాయలు. ఆ 39,300 తేడా కోసం రాబడిలో పైసా వదులుకోలేదు, వాటాలు అవే. ఎక్సెల్‌లో ఒక్క లైను:

```
=SQRT((0.6*18)^2+(0.4*15)^2+2*(0.6*18)*(0.4*15)*0.1)
```

ఆ 2 మరిచిపోయినా, SQRT తీసేసినా, ఒకచోట 18 ఇంకోచోట 0.15 అని రాసినా జవాబు తప్పుతుంది. సరి చూసుకోవడం సులువే: చివరి 0.1 స్థానంలో 1 పెట్టండి. 16.8 రాకపోతే ఫార్ములాలో ఎక్కడో తప్పుంది.

ఇక ఆ "రెండు మంచి లార్జ్ క్యాప్ ఫండ్లు" అన్న సలహా. 2017 అక్టోబరు సెబీ సర్క్యులర్ ప్రకారం లార్జ్ క్యాప్ అంటే మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు, ఫండు డబ్బులో కనీసం 80 శాతం వాటిలోనే పెట్టాలి. ఎవరి ఫండైనా ఎక్కువగా ఏరుకునేది ఆ వందలోంచే. రిస్కులు 18, 17, కోరిలేషన్ 0.95, చెరిసగం అనుకుంటే 81 + 72.25 + 145.35 = 298.6, రిస్క్ 17.28. సగటు 17.5. అంటే తగ్గింది పావు శాతం కూడా కాదు. ఒకే పప్పును రెండు గిన్నెల్లో పోసి రెండు కూరలు వండామన్నట్టుంది!

ఇంకా కోపం తెప్పించేది, ఈ కోరిలేషన్‌ను వీళ్లు లెక్కకట్టే తీరు. ఫండు యూనిట్ ధరలైన ఎన్ఏవీల కాలమ్ ఒకటి, బంగారం ధరల కాలమ్ ఒకటి పెట్టి ఎక్సెల్‌లో CORREL కొట్టేస్తారు. 0.9 వచ్చిందని, రెండూ ఒకటేనని తేల్చేస్తారు. పదేళ్లలో రెండూ పెరిగాయి కాబట్టి ఆ అంకె వచ్చింది, అంతకుమించి అందులో ఏమీ లేదు. ముందు నెలనెలా శాతం మార్పు తీయాలి, ఆ మార్పుల మీద CORREL వేయాలి. స్టాండర్డ్ డీవియేషన్ ఇచ్చే STDEV.S కూడా ఆ మార్పుల మీదే వేసి, ఏడాది లెక్క కోసం √12తో గుణించాలి. బంగారం రూపాయల్లోనే తీసుకోవాలి. విదేశీ మదుపర్లు అమ్ముకుని వెళ్తున్నప్పుడు షేర్లు పడతాయి, రూపాయీ బలహీనపడుతుంది, దిగుమతి బంగారం రూపాయల్లో ప్రియమవుతుంది. డాలర్ ధర పెట్టుకుంటే మనకు దక్కే ఆ మేలు లెక్కలోకే రాదు. 2008లో సెన్సెక్స్ 20,287 నుంచి 9,647కి పడిపోయిన ఏడాదే రూపాయల్లో బంగారం పెరిగింది.

అయితే 0.1 రాతిమీద గీత కాదు. 2020 మార్చి మధ్యలో అందరూ నగదు కోసం పరుగెత్తినప్పుడు షేర్లతోపాటు బంగారం కూడా కొన్నాళ్లు పడింది. అందుకే అదే లైనులో 0.6 పెట్టి కూడా చూడండి: 15.18 వస్తుంది. అలాంటి నెలల్లో 18, 15 కూడా పెరుగుతాయి కాబట్టి వాటినీ పెంచి చూడాలి. ఒక హద్దు కూడా ఉంది. చిన్న రిస్కును పెద్ద రిస్కుతో భాగిస్తే 15/18 = 0.83. కోరిలేషన్ అంతకు మించితే ఏ పాళ్లలో కలిపినా మొత్తం రిస్క్ 15 కన్నా కిందికి దిగదు. 0.1 దగ్గర మాత్రం 40 ఈక్విటీ, 60 బంగారం పెడితే 12.07 దాకా దిగుతుంది, అదే అట్టడుగు. రాబడి కూడా తగ్గుతుంది కాబట్టి అందరూ అదే పెట్టుకోవాలని కాదు.

లెక్క వచ్చింది కాబట్టి ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్నదీ చెప్పేస్తాను. "ప్లాటుకు రిస్కే లేదు, షేర్లతో సంబంధమే లేదు" అని మన దగ్గర ప్రతి రియల్ ఎస్టేట్ మీటింగులోనూ చెబుతారు. ప్లాటు ధర రోజూ ఎవరూ అడగరు, నాలుగేళ్లకోసారి అమ్మినప్పుడే తెలుస్తుంది. మధ్యలో గీసిన నున్నటి గీత మీద స్టాండర్డ్ డీవియేషన్ తీస్తే చిన్నదే వస్తుంది, కోరిలేషన్ సున్నాకు దగ్గరగానే వస్తుంది. అది ధరలు చూడకపోవడం వల్ల వచ్చిన అంకె. జీతం ఐటీ కంపెనీది, దాచుకున్న షేర్లు అదే కంపెనీవి, ఫ్లాటు ఆఫీసు పక్కన కోకాపేటలో అయితే, ఐటీ నియామకాలు ఆగిన ఏడాది మూడూ ఒకేసారి కిందికి చూస్తాయి. వాళ్ల లెక్కలో కోరిలేషన్ దగ్గర 0.1 కాదు, 0.7 పెట్టి, అప్పుడు వచ్చిన అంకెను ఆ కుటుంబానికి చూపించండి.