‘ఓకే సార్’ వస్తే సరిపోదు: లైన్ పని మెసేజ్ మీద తిరుగుతున్న సలహాకు జవాబు

“ఫీల్డ్ స్టాఫ్‌కి మెసేజ్ పొట్టిగా, గట్టిగా ఉండాలి. గారూ, అండీ అంటే చులకనైపోతాం. కారణాలు చెబితే వాదనకు దిగుతారు. తప్పు చేసినవాడి పేరు గ్రూపులోనే పెట్టాలి, మిగతావాళ్లకు భయం ఉంటుంది. చివర్లో ‘అర్థమైందా’ అని అడిగి ‘ఓకే సార్’ అనిపించుకోవాలి. ప్లాన్ మారితే కింద ఇంకో లైన్ కొడితే చాలు.”

కరెంటు లైన్ల మీద పనిచేసే బృందాలకు ఈ సలహా ప్రమాదం. ఒక్కో మాటా తీసుకుందాం.

ముందు పొట్టిదనం సంగతి. “రేపు ఎల్‌సీ తీసుకుని ఇన్సులేటర్లు మార్చండి, సేఫ్టీ పాటించండి.” ఇంతకంటే పొట్టిగా రాయలేం, కానీ ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లలో ఏ ఫీడర్? ఎల్‌సీ, అంటే లైన్ ఆపి పని చేసుకోవడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే లైన్ క్లియర్, ఎవరు తీసుకుంటారు? ఆపిన లైన్‌ను భూమికి కలిపే ఎర్త్ ఎక్కడ కట్టాలి? ఇవేవీ లేకుండా “సేఫ్టీ పాటించండి” అనడం, ఇరవై ఏళ్లుగా స్తంభాలు ఎక్కుతున్న మనిషికి జాగ్రత్త తెలియదన్నట్టు ఉంటుంది. అవసరమైన సమాచారం దాచి బుద్ధి చెప్పడమంటే ఇదే. అదే పనికి మెసేజ్ ఇలా రాయొచ్చు:

“రేపు మంగళవారం ఉదయం 10కి పని. 11 కేవీ చెరువుకట్ట ఫీడర్, 11, 12 స్తంభాల మీద పగిలిన పిన్ ఇన్సులేటర్లు మూడు మార్చాలి. ఎల్‌సీ సీనియర్ లైన్‌మన్ గారు తీసుకుంటారు. ఆపరేటర్ ఎల్‌సీ నంబర్ చెప్పాక 5వ స్తంభం దగ్గర ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, తాళం వేయండి. మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కింద నుంచి కళ్లతో చూడండి. హ్యాండిల్ దిగినా ఒక బ్లేడ్ ఇరుక్కుపోవచ్చు. టెస్టర్‌తో చూశాక 9, 14 స్తంభాల దగ్గర ఎర్త్ కట్టండి. 14 అవతల రైస్ మిల్లుకు జనరేటర్ ఉంది. 16 దగ్గర దాటే రెండో ఫీడర్ చార్జ్‌లోనే ఉంటుంది, 14 దాటి ఎవరూ ఎక్కకండి. 2 గంటలకు పూర్తవుతుందని అంచనా. కానీ టైమ్ చూసి ఎవరూ లైన్ ఇవ్వరు, ఎల్‌సీ తిరిగి ఇచ్చాకే చార్జ్ అవుతుంది.”

చదవడానికి నిమిషం కూడా పట్టదు. ఇందులో అన్నిటికంటే విలువైనది “చార్జ్‌లోనే ఉంటుంది” అన్న వాక్యం. ఏది ఆపుతున్నామో అందరూ రాస్తారు, ఆగనిది ఏదో రాయడం మరిచిపోతారు. మనిషి చేయి పొరపాటున తగిలేది ఆ ఆగని దానికే.

ఇక మర్యాద. ఇది ‘దయచేసి’ అన్న మాటలో లేదు. లైన్‌మన్‌ను ‘గారు’ అని, అదే మెసేజ్‌లో కాంట్రాక్ట్ హెల్పర్‌ను ‘నువ్వు’ అని రాస్తే, ఆ హెల్పర్ ఆ రోజు ఎర్త్ రాడ్ క్లాంప్ వదులుగా ఉందని కూడా నోరు విప్పి చెప్పడు. అందరికీ ఒకే ‘అండి’ వాడాలి. అలాగని మర్యాద పేరుతో మాట పలచబడకూడదు. “వీలైతే రెండో వైపు కూడా ఎర్త్ చేయండి” అంటే, వీలుకాకపోతే మానేయొచ్చని అర్థం. “చేద్దాం” మరీ చిక్కు. “ఎర్త్ కట్టేద్దాం” అని రాస్తే పైకెక్కినవాళ్లు కిందున్నవాళ్లు కట్టారనుకుంటారు, కిందున్నవాళ్లు ఎల్‌సీ తీసుకున్నాయన చూసుకున్నారనుకుంటారు. ఎవరు కట్టాలో పేరు రాసి, పక్కన ‘గారు’ పెట్టి, “కట్టండి” అనండి. గట్టిదనం కావాలంటే అది చాలు.

కారణాల దగ్గర ఆ సలహా పూర్తిగా తలకిందులైంది. రైస్ మిల్లు మాటే చూడండి. సబ్‌స్టేషన్ వైపు లైన్ ఆపేశాం కాబట్టి అటువైపు 9వ స్తంభం దగ్గర ఎర్త్ చాలనుకుంటారు. కానీ మిల్లులో జనరేటర్‌ను లైన్ నుంచి వేరుచేసే చేంజోవర్ స్విచ్ సరిగ్గా లేకుండా జనరేటర్ వేస్తే, ఆ 400 వోల్టుల కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి వచ్చి దాదాపు 11 వేల వోల్టులుగా లైనెక్కుతుంది. అది వచ్చేది 14 వైపు నుంచి. అందుకే రెండో ఎర్త్. “జనరేటర్ ఉంది” అన్న రెండు మాటలు మెసేజ్‌లో ఉంటే, దారిలో జనరేటర్ ఉన్న ఫంక్షన్ హాల్ కనిపించినప్పుడు బృందం తనంతట తానే ఆగి చూసుకుంటుంది. కారణం లేకుండా “14 దగ్గర ఎర్త్” అని మాత్రమే రాస్తే, రాడ్ ఒక్కటే ఉన్న రోజు దాన్నే ముందుగా వదిలేస్తారు. ఒకవేళ ఎవరైనా వాదించినా మంచిదే. “సార్, మిల్లు కనెక్షన్ 14 మీద కాదు, 13 మీద ఉంది” అన్న వాదన స్తంభం ఎక్కకముందే రావాలి.

అయితే ప్రతిదానికీ పాఠం చెప్పక్కర్లేదు. ఎర్త్ కట్టేటప్పుడు ముందు భూమి వైపు, తర్వాత లైన్ వైపు. తీసేటప్పుడు ముందు లైన్ వైపు అన్నది రోజూ చేసే పని. కొత్తగా చేరినవారుంటే వాళ్లకు పని చోట చూపించాలి. గ్రూపులో అందరికీ అదే మళ్లీ రాస్తే చిన్నపిల్లలకు చెప్పినట్టుంటుంది. ఈ స్తంభం దగ్గర, ఈ రోజు ప్రత్యేకంగా ఉన్నదానికే కారణం రాయండి.

గ్రూపులో పేరు పెడితే భయం వస్తుందన్నది నిజమే. ఆ భయంతో ఆగిపోయేది తప్పు కాదు, తప్పు గురించిన కబురు. వస్తువు, చోటు, చేయాల్సినది రాస్తే సరిపోతుంది: “నిన్న 9 దగ్గర వాడిన ఎర్త్ రాడ్ క్లాంప్ స్క్రూ అరిగిపోయింది. ఆ రాడ్ వాడకండి, స్టోర్‌లో మార్చి పెట్టాం.” మనిషితో మాట్లాడాల్సింది ఉంటే పక్కకు పిలిచి మాట్లాడాలి. అప్పటికప్పుడు ప్రమాదం కనిపిస్తే గ్రూపూ వద్దు, పక్కకు పిలవడమూ వద్దు, నేరుగా ఫోన్ చేసి పని ఆపించండి.

“అర్థమైందా?” అని అడిగితే కాదనేవాళ్లు ఉండరు. వచ్చే ‘ఓకే సార్’ మెసేజ్ చేరిందని చెబుతుంది, అంతే. దాని బదులు ఎల్‌సీ తీసుకునేవారిని ఇలా అడగండి: “నేను రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఏ ఫీడర్, ఎర్త్ ఎక్కడెక్కడ అన్నది ఒకసారి చెప్తారా?” పరీక్ష పెట్టినట్టుండదు, తేడా ఉంటే బయటపడుతుంది. చదవడం ఇబ్బందిగా ఉన్నవారు బృందంలో ఉంటే, అదే మెసేజ్‌ను అదే వరుసలో నెమ్మదిగా చదివి వాయిస్ కూడా అందరికీ పెట్టండి. ఒక్కరికే విడిగా పంపితే వేలెత్తి చూపినట్టవుతుంది.

చివరిది, ప్లాన్ మారడం. స్తంభం మీదున్న మనిషి ఫోన్ చూడడు. 12కు బదులు 15వ స్తంభం అని పాత మెసేజ్ కింద ఒక లైన్ కొడితే, కిందున్నవారు చదివి పైకి కేకేస్తారు. పని ఇప్పుడు 14 దగ్గరి ఎర్త్ దాటి బయటికి, చార్జ్‌లో ఉన్న 16 పక్కకు వెళ్లిపోయింది. మార్పు ఉంటే ముందు ఎల్‌సీ తీసుకున్నవారికి ఫోన్ చేయాలి. అందరూ కిందికి దిగి, తలలు లెక్కపెట్టుకున్నాక, పాత మెసేజ్ చెల్లదని రాసి, ఫీడర్ పేరు దగ్గర్నుంచి కొత్త మెసేజ్ మొత్తం మళ్లీ పెట్టాలి. ఎర్త్ చోట్లు, చార్జ్‌లో ఉన్న లైన్ మళ్లీ చెప్పించుకున్నాకే ఎవరైనా ఎక్కాలి.