ఐదు రూపాయల ప్యాకెట్ పక్కన కొత్త బిస్కెట్ పెట్టేముందు

బాగా అమ్ముడయ్యే బిస్కెట్‌కు తోడుగా కొత్త రకం తేవాలనుకున్నప్పుడు కంపెనీలో మొదట వచ్చే ప్రశ్న, ‘పాతదాన్ని ఇది తినేస్తుందా?’ అని. ఎంతో కొంత తప్పక తింటుంది. తేల్చుకోవలసింది ఎంతవరకు తింటే తట్టుకోగలమనేది.

పార్లేనే చూడండి. ఉప్పు బిస్కెట్‌కు మొనాకో అని, చాక్లెట్ ముక్కలున్నదానికి హైడ్ అండ్ సీక్ అని వేరే పేర్లు పెట్టింది. టీలో గ్లూకోజ్ బిస్కెట్ ముంచుకునే మనిషి ఉప్పు బిస్కెట్ కొన్నంత మాత్రాన పార్లే-జి మానేయడు. పార్లే-జి గోల్డ్ అలా కాదు, పాత పేరుతోనే వచ్చింది. అయితే గ్రాముకు ధర ఎక్కువ కాబట్టి, పాత కొనుగోలుదారు అటు మళ్లినా నష్టపోయే అవకాశం తక్కువ.

అసలు ప్రమాదం అదే పేరుతో, అదే ఐదు రూపాయలకు, యాలకుల రుచి లాంటిది తేవడంలో ఉంది. ఒక ఊహా లెక్క వేద్దాం. పాత ప్యాకెట్ మీద ఖర్చులు పోను 50 పైసలు, సరుకు ఖరీదు పెరిగినందువల్ల కొత్తదాని మీద 40 పైసలు మిగులుతాయనుకుందాం. నలభైని యాభైతో భాగిస్తే 80 శాతం. అంటే, అమ్ముడైన ప్రతి వంద కొత్త ప్యాకెట్లలో ఎనభైకి మించి పాతవాటి స్థానంలో పోయినవైతే నష్టమే. నెలకు లక్ష ప్యాకెట్లు అమ్ముడై, అందులో అరవై వేలు పాతవాటికి బదులుగా పోయాయనుకోండి. కొత్తదానిపై 40,000 రూపాయలు వస్తాయి, పాతదానిపై 30,000 పోతాయి. మిగిలేది పదివేలు. ప్రకటనలకు, కొత్త రేపర్లకు నెలకు పదిహేను వేలైతే లాభం అక్కడే ఆవిరి.

ఈ లెక్కకు అందని నష్టం కిరాణా కొట్టులో జరుగుతుంది. చిన్న దుకాణదారు బిస్కెట్ల మీద పెట్టే డబ్బూ, వాటికిచ్చే చోటూ పరిమితం. కొత్త పెట్టె దించుకుంటే పాతది ఒకటి తగ్గించుకుంటాడు. సాయంత్రానికి పాతది అయిపోతే, అడిగినవారి చేతికి పోటీ కంపెనీ ప్యాకెట్ వెళుతుంది. అందుకే పాతదాని నిల్వ తగ్గించకుండా ఉంటేనే కొత్తదానిపై రాయితీ ఇవ్వాలని నేనంటాను.

తెలుసుకునే మార్గం ఉంది. ఒకే తీరు అమ్మకాలున్న రెండు పట్టణాలు, ఉదాహరణకు రాజమహేంద్రవరం, కాకినాడ లాంటివి ఎంచుకుని ఒక్కదానిలోనే కొత్తది విడుదల చేయాలి. రెండు చోట్లా పాత ప్యాకెట్ అమ్మకాల్లో వచ్చిన తేడాను అమ్ముడైన కొత్త ప్యాకెట్లతో భాగిస్తే వచ్చేదే తినేసిన భాగం. డిస్ట్రిబ్యూటర్‌కు పంపిన సరుకును కాకుండా దుకాణంలో అమ్ముడైనదాన్నే లెక్కించాలి. మొదటి నెల అంకెల్లో దుకాణాలు నింపుకున్న నిల్వ, రుచి చూద్దామని కొన్నవారి కొనుగోళ్లు కలిసిపోతాయి. మళ్లీ మళ్లీ కొనేవారు తేలేదాకా, కనీసం మూడు నెలలు ఆగాలి. అప్పటికి తినేసిన భాగం ఎనభై శాతానికి దగ్గరపడితే, ఆ రుచిని ఐదు రూపాయల వరుస నుంచి తీసి, గ్రాముకు ఎక్కువ ధర పలికే పెద్ద ప్యాకెట్‌లోకి మార్చాలి.